పాలసీ గడువు దాటి 21 రోజులైంది. ఇప్పుడు కడితే నాన్న పాత మూడేళ్ళ లెక్క మిగులుతుందా?

తెనాలి_టు_బెంగళూరు | 2 జూలై 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అమ్మానాన్నల పేరు మీద 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ ఉంది. 12 జూన్ 2022న తీసుకున్నాను. నాన్నకి అప్పటికే షుగరు. ఆ సంగతి ఫారంలో దాచకుండా రాశాం. షుగరుకి సంబంధించిన వాటికి 36 నెలల వెయిటింగ్ పెట్టారు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ప్రీమియం ఏడాదికోసారి నా క్రెడిట్ కార్డు నుంచి ఆటో డెబిట్‌లో పోయేది. అందుకే ఆ తేదీని గుర్తుపెట్టుకోవడమే మానేశాను.

మార్చిలో బ్యాంకు వాళ్ళు పాత కార్డు ఆపేసి కొత్త నంబరుతో ఇంకోటి పంపారు. ఆటో డెబిట్ పాత కార్డుతోపాటే పోయింది. రిమైండర్లన్నీ నాన్న ఈమెయిల్‌కి వెళ్ళాయట. ఆయన ఆ మెయిల్ తెరిచి రెండేళ్ళయింది. జూన్ 11 అర్ధరాత్రితో పాలసీ అయిపోతే ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు.

జూన్ 26న నాన్న కాలి పుండు ముదిరి చీము పట్టింది. గుంటూరు తీసుకెళ్ళి చేర్చాం. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి కార్డు నంబరు కొట్టి చూసి, "పాలసీ ఇన్‌యాక్టివ్ అని వస్తోందండీ" అంది. అప్పుడు తెలిసింది. నాలుగు రోజులుంచి 30న పంపారు. బిల్లు లక్షా 38 వేలు, అంతా చేతి డబ్బే.

కస్టమర్ కేర్ వాళ్ళు ఇంకా గ్రేస్ పీరియడ్ ఉంది, కట్టండి అంటున్నారు. కడితే ఆ లక్షా 38 వేలు వస్తాయా? రాకపోతే అసలు ఎందుకు కట్టాలి? వివరం తెలిసినవాళ్ళు చెప్పండి.

బీమా_బాబాయ్ | 2 జూలై, రాత్రి 11:05

టెన్షన్ పడకు తమ్ముడూ. రాజమండ్రిలో పద్దెనిమిదేళ్ళుగా పాలసీలు చేయిస్తున్నా. గ్రేస్ పీరియడ్‌లో రిస్క్ కవర్ నడుస్తూనే ఉంటుంది. కట్టాల్సిన ప్రీమియం పట్టుకుని మిగతాది ఇస్తారు. గ్రేస్ దాటినా ఐదేళ్ళ దాకా రివైవ్ చేసుకోవచ్చు. ఆ లక్షా 38 వేలూ వదలొద్దు, గట్టిగా అడుగు.

స్విఫ్ట్_సీను | 2 జూలై, రాత్రి 11:19

90 రోజులు టైమ్ ఉంటుంది బ్రో. నా కారుకి రెండు నెలల తర్వాత కట్టినా బోనస్ అలాగే ఉంది.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 3 జూలై, ఉదయం 6:20

తెనాలి బాబూ, ముందు ఇది విను, మిగతా చర్చ తర్వాత చదువుకో. మీకు జూలై 11 దాకా గడువుంది. జూన్ 12 నుంచి లెక్కపెట్టుకుంటే జూన్‌లో 19 రోజులు, జూలైలో 11. మొత్తం 30. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. ఈ రోజే కట్టెయ్.

బాబాయ్ గారు చెప్పింది జీవిత బీమాకైతే అక్షరాలా నిజం. అక్కడ గ్రేస్‌లో మనిషి పోయినా క్లెయిమ్ వస్తుంది, బాకీ ప్రీమియం మాత్రం మినహాయించుకుంటారు. యూనిట్ లింక్డ్ కాని పాలసీ అయితే రివైవల్‌కి ఐదేళ్ళు ఉండేదీ నిజమే. సీను చెప్పిన 90 రోజులు కారు నో క్లెయిమ్ బోనస్ సంగతి. ఆ 90 రోజుల్లో బండికి యాక్సిడెంట్ అయితే పైసా రాదు. బోనస్ మిగలడం వేరు, కవర్ ఉండడం వేరు.

హెల్త్ పాలసీలో ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్ళకి కూడా దాదాపు అదే పద్ధతి. గ్రేస్ పీరియడ్ మీరు పాత ఏళ్ళు పోగొట్టుకోకుండా కాపాడుతుంది. ఆ మధ్య రోజులకి మాత్రం వైద్యం ఖర్చు ఇవ్వదు. పాలసీ పుస్తకంలో రెన్యూవల్ అన్న క్లాజు తీసి చూడండి. గ్రేస్ పీరియడ్‌లోపు రెన్యూ చేస్తే కంటిన్యుటీ ఉంటుంది అని ఒక వాక్యం ఉంటుంది, దాని పక్కనే గ్రేస్ పీరియడ్‌లో కవరేజీ ఉండదు అని ఇంకో వాక్యం. జనం మొదటిది చదివి ఆగిపోతారు.

కాబట్టి జూన్ 26న చేరిన ఆ ఆసుపత్రి ఖర్చు రాదనే అనుకోండి. చెప్పడానికి బాధగానే ఉంది. ఇరవై రెండేళ్ళు క్లెయిమ్స్ విభాగంలో పనిచేసి ఇలాంటి ఫైళ్ళు చాలా చూశాను.

ఇంకోటి. రిమైండర్ మాకు అందలేదు అనే వాదన మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. రెన్యూవల్ నోటీసు ఇవ్వడానికి ప్రయత్నిస్తాం కానీ ఇచ్చి తీరాల్సిన బాధ్యత మాకు లేదు అని కూడా అదే క్లాజులో ఉంటుంది.

కూకట్‌పల్లి_కాపురం | 3 జూలై, ఉదయం 8:47

ఒక్క నిమిషం సార్. నాకు దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. మాది నెలనెలా కట్టే హెల్త్ పాలసీ. పోయిన నవంబరులో 5వ తేదీ కట్టాల్సింది, ఖాతాలో డబ్బుల్లేక బౌన్స్ అయింది. 11న పాపకి డెంగీ, నిలోఫర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నేను 13న కట్టాను. క్యాష్‌లెస్ ఇచ్చారు. గ్రేస్ రోజుల్లో కవర్ లేదంటే మరి నాకెలా వచ్చింది? పొరపాటున ఇచ్చారా? ఇప్పుడు వెనక్కి అడుగుతారా ఏంటి, భయం వేస్తోంది.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 3 జూలై, ఉదయం 9:30

భయపడకమ్మా, పొరపాటు కాదు. మీకు రావాల్సిందే వచ్చింది. నేను పొద్దున రాసినదాంట్లో "ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్ళకి" అన్న మాట గమనించండి.

2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు మారాయి. అదే ఏడాది మే 29న హెల్త్ బీమా మీద వచ్చిన మాస్టర్ సర్క్యులర్ లోనూ ఇది ఉంది. నెలవారీ కట్టేవాళ్ళకి గ్రేస్ 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేవాళ్ళకి 30 రోజులు. పాలసీ కాలం మధ్యలో వాయిదాల్లో ప్రీమియం కడుతుంటే ఆ గ్రేస్ రోజుల్లో కూడా కవర్ ఇవ్వాల్సిందే. అంతకుముందు వాయిదాల పాలసీల్లోనూ "డబ్బు అందేదాకా కవర్ లేదు" అని రాసేవాళ్ళు. అందుకే నెట్‌లో పాత వ్యాసాలు చదివితే ఒకటి ఉంటుంది, కొత్తవి చదివితే ఇంకోటి.

మీ పాలసీ మధ్యలో ఉంది, ఒక వాయిదా ఎనిమిది రోజులు ఆలస్యమైంది. తెనాలి బాబు పాలసీ కాలమే పూర్తిగా అయిపోయింది. మీకు నడుస్తున్న బస్సులో టికెట్ కొట్టడం ఆలస్యమైనట్టు, వాళ్ళకి బస్సు డిపోకి చేరిపోయింది.

ఒక జాగ్రత్త. 15 రోజులు కూడా దాటితే వాయిదాల పాలసీ రద్దవుతుంది. అలాగే వాయిదాల్లో ఉండగా క్లెయిమ్ వస్తే ఆ ఏడాది మిగిలిన వాయిదాలన్నీ అప్పుడే కట్టాలి అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మీ క్లెయిమ్‌లో పట్టుకున్నారేమో చూసుకోండి.

కూకట్‌పల్లి_కాపురం | 3 జూలై, ఉదయం 9:58

పట్టుకున్నారు సార్! నాలుగు నెలల ప్రీమియం మినహాయించారు. అప్పుడు ఆసుపత్రి వాళ్ళతో గొడవ పెట్టుకున్నాను కూడా. ఇప్పుడర్థమైంది ఎందుకో.

తెనాలి_టు_బెంగళూరు | 3 జూలై, మధ్యాహ్నం 1:15

పాత డెస్క్ గారూ, చాలా థ్యాంక్స్. లక్షా 38 వేలు పోయినట్టే అని మనసుకి సర్ది చెప్పుకుంటున్నాను. కానీ ఒక సందేహం. పాత కంపెనీ రెన్యూవల్ జీఎస్టీతో కలిపి 31,860 అడుగుతోంది. ఇంకో కంపెనీ అదే 5 లక్షలకి 26,400కే ఇస్తానంటోంది. ఇంత జరిగాక మళ్ళీ వీళ్ళకే ఎందుకు కట్టాలి? 5,460 మిగులుతుంది కదా. మా బావ కూడా కొత్తదే తీసుకోమంటున్నాడు.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 3 జూలై, మధ్యాహ్నం 2:40

కోపంతో లెక్క వెయ్యొద్దు బాబూ. నీ దగ్గర ఇప్పుడు ఏముందో చూడు.

12 జూన్ 2022 నుంచి 11 జూన్ 2025కి సరిగ్గా 36 నెలలు. అంటే నాన్నగారి షుగరు వెయిటింగ్ పూర్తయ్యి, ఇక ముందు షుగరు వల్ల వచ్చే కాలు, కన్ను, కిడ్నీ ఏదైనా క్లెయిమ్ చేసుకోవచ్చు అనే స్థితికి వచ్చిన రోజే పాలసీ ముగిసింది. మూడేళ్ళు ప్రీమియం కట్టి సంపాదించుకున్నది అదే. జూలై 11 లోపు కడితే అది నీది. 12న కడితే అది రెన్యూవల్ కాదు, కొత్త ప్రపోజల్. కొత్త కంపెనీలో ఇవాళ తీసుకున్నా అంతే.

కొత్త పాలసీ అంటే మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప ఏదీ రాదు. షుగరుకి మళ్ళీ వెయిటింగ్. ఇప్పుడు నిబంధన ప్రకారం అది గరిష్ఠంగా 36 నెలలు, అంటే 2028 జూలై దాకా పోవచ్చు. అది కూడా వాళ్ళు పాలసీ ఇస్తేనే. నిన్నగాక మొన్న కాలి పుండుతో ఆసుపత్రిలో ఉన్నట్టు ప్రపోజల్ ఫారంలో రాయాలి. అది చదివాక ఇస్తారో, ప్రీమియం పెంచి ఇస్తారో, వద్దంటారో వాళ్ళిష్టం. 26,400 అనేది ఆ సంగతి తెలియక వెబ్‌సైటు చూపిన ధర. రెన్యూవల్‌లో అలా కుదరదు. బీమా మొత్తం పెంచమని అడగనంతవరకు, జబ్బు వచ్చిందనో క్లెయిమ్ చేశారనో రెన్యూవల్ నిరాకరించకూడదు, కొత్తగా మెడికల్ టెస్టులు అడగకూడదు.

అమ్మగారికి ఏమైనా ఆపరేషన్ ఆలోచన ఉందా? శుక్లాలు, మోకాళ్ళు, హెర్నియా లాంటివి?

తెనాలి_టు_బెంగళూరు | 3 జూలై, మధ్యాహ్నం 3:02

అబ్బ, కరెక్టుగా పట్టుకున్నారు. రెండు కళ్ళకీ శుక్లాలు. దీపావళి తర్వాత చేయిద్దాం అన్నారు డాక్టరు. ఒక్కో కంటికి నలభై వేల దాకా చెప్పారు.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 3 జూలై, మధ్యాహ్నం 3:25

మీ పాలసీలో శుక్లాలకి వెయిటింగ్ మామూలుగా ఉండే 24 నెలలే అయితే అది 2024 జూన్‌లోనే తీరిపోయింది. రెన్యూ చేస్తే దీపావళికి చేయించుకోవచ్చు. ఒక్కో కంటికి ఇంత అని పరిమితి ఉంటుంది, అది చూసుకో. కొత్త పాలసీలో మళ్ళీ రెండేళ్ళు. 5,460 మిగిల్చుకుని 80 వేలు చేతి నుంచి పెట్టుకున్నట్టు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత "మీరు ఫలానా జబ్బు దాచారు" అని క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వీల్లేదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. మీకు 36 అయ్యాయి, ఇంకా 24. ల్యాప్స్ అయితే ఆ మీటరు కూడా సున్నా నుంచే.

కంపెనీ నచ్చకపోతే వచ్చే ఏడాది పోర్ట్ చేసుకో. దానికి రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు అప్లై చెయ్యాలనే మాట పాలసీలో ఉంటుంది. ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది. ఇవాళ కట్టి, ఏప్రిల్ నెలలోనే మోగేలా ఫోన్‌లో అలారం పెట్టుకో. అప్పుడు పాత ఏళ్ళతో సహా వెళ్ళొచ్చు.

5 లక్షలు తక్కువని ఇప్పుడే 10 చెయ్యమని మాత్రం అడగొద్దు. పెంచిన భాగానికి వాళ్ళు ఆరోగ్యం పరిశీలించవచ్చు, ఆ భాగానికి వెయిటింగ్ కూడా కొత్తగా మొదలవుతుంది. ముందు ఉన్నదాన్ని కాపాడుకో.

బీమా_బాబాయ్ | 3 జూలై, సాయంత్రం 4:10

నేను జీవిత బీమా అలవాటులో చెప్పేశాను, ఒప్పుకుంటున్నా. హెల్త్ నేను చేయించేది తక్కువ. కానీ ఒకటి చెప్తా, మా లైనులో కొందరు "ఆసుపత్రి సంగతి ఎక్కడా రాయకండి, మేం చూసుకుంటాం" అంటారు. వాళ్ళ మాట వినొద్దు. క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ ఏజెంటు కనపడడు.

డల్లాస్_డైరీ | 3 జూలై, రాత్రి 9:33

మా ఇంట్లో జరిగింది చెప్తాను, తెనాలి తమ్ముడికి పనికొస్తుంది.

2022లో మా అత్తగారి పాలసీ ఇలాగే గడువు దాటింది. నేను ఇక్కడి నుంచి కట్టబోతే కార్డు ఓటీపీ మా ఇండియా నంబరుకి వెళ్ళేది, ఆ సిమ్ ఎప్పుడో డీయాక్టివేట్ అయింది. పది రోజులు దాంతోనే పోయింది. చివరికి 24వ రోజున అక్కడి ఏజెంటుకి చెబితే ఆయన కట్టేశారు. పాలసీ పీడీఎఫ్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. ఎవరం తెరిచి చదవలేదు.

2024లో అత్తగారికి గర్భసంచి ఆపరేషన్. క్లెయిమ్ తిరిగొచ్చింది. కారణం చూస్తే, ఆ పాలసీ రెన్యూవల్ కాదు. ఏజెంటు దాన్ని కొత్త పాలసీగా బుక్ చేశారు. పాలసీ నంబరు వేరే, మొదటి పాలసీ తేదీ అన్న చోట 2022 అని ఉంది. అసలు మేం తీసుకున్నది 2017లో. ఐదేళ్ళ లెక్క గాలికి పోయింది, మాకు రెండేళ్ళ దాకా తెలియనే తెలియదు. డబ్బు గ్రేస్‌లోపు వెళ్ళిందని మా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది. అయినా ఏడు నెలలు పట్టింది సరిచేయించడానికి.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 4 జూలై, ఉదయం 6:15

డల్లాస్ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. కట్టడం సగం పని. కట్టాక వచ్చే షెడ్యూల్లో మూడు చోట్ల చూడాలి. ముందటి పాలసీ నంబరు వేసి ఉందా, ఒక్కొక్కరి పేరు ఎదురుగా మొదటిసారి చేరిన తేదీ పాతదే ఉందా, ఇన్నాళ్ళు చేరిన బోనస్ ఉందా. ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆ వారంలోనే మెయిల్ పెట్టాలి. ఫోన్ చేస్తే ఆధారం మిగలదు.

కొత్త ప్రారంభ తేదీ విషయంలో కంపెనీలు రెండు రకాలుగా చేస్తాయి. కొందరు జూన్ 12 నుంచే పాలసీ ఇచ్చి మధ్య రోజుల్లో క్లెయిమ్ లేదంటారు. కొందరు డబ్బు అందిన రోజు నుంచి ఏడాది ఇస్తారు. రెండింటిలోనూ పాత ఏళ్ళ లెక్క ఉండాలి. మొదటి పద్ధతిలో కవర్ లేని రోజులకి కూడా ప్రీమియం కట్టినట్టవుతుంది. అది న్యాయమేనా అని నన్నడిగితే కాదనే అంటాను.

హైటెక్_హరి | 4 జూలై, ఉదయం 10:50

నాదీ ఇదే ప్రాబ్లమ్. జూన్ 20న జాబ్ మానేశాను. కంపెనీ ఇన్సూరెన్స్‌కి గ్రేస్ పీరియడ్ ఎన్ని రోజులు? 30 రోజుల్లో నేనే ప్రీమియం కట్టేస్తే కంటిన్యూ అవుతుందా?

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 4 జూలై, ఉదయం 11:20

హరీ, నీది వేరే సమస్య. ఆ పాలసీ నీది కాదు, నీ కంపెనీది. నువ్వు బయటికొచ్చాక నీ పేరు అందులోంచి తీసేస్తారు, నువ్వు రెన్యూ చెయ్యడానికి ఏమీ ఉండదు. అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ అడుగు. గ్రూపులో గడిపిన కాలం అక్కడ లెక్కకొస్తుంది. ఇవాళే అడుగు, కొత్త టాపిక్ పెట్టుకుని వివరాలు రాయి.

ఓరుగల్లు_వాణి | 4 జూలై, రాత్రి 8:05

మా అన్నయ్య సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. గ్రేస్ ఆఖరి రోజు రాత్రి 11:40కి యూపీఐలో కట్టాడు. డబ్బు కట్ అయింది, యాప్‌లో మాత్రం పెండింగ్. మూడో రోజు డబ్బు వెనక్కి వచ్చేసింది. కంపెనీ వాళ్ళు మాకు ప్రీమియం అందలేదు, గడువు దాటింది, కొత్తది తీసుకోండి అంటున్నారు. నేను కట్టాను కదా, మీ సిస్టమ్ తీసుకోకపోతే నా తప్పా అని అన్నయ్య. ఎవరిది తప్పు?

బీమా_బాబాయ్ | 4 జూలై, రాత్రి 8:31

కట్టినట్టు స్క్రీన్‌షాట్ ఉంటే చాలు తల్లీ, వాళ్ళు కాదనలేరు.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 4 జూలై, రాత్రి 9:12

అంత సులువు కాదు బాబాయ్ గారూ. బీమా చట్టం 1938లో 64వీబీ అనే సెక్షన్ ఉంది. ప్రీమియం అందకుండా రిస్క్ తీసుకోకూడదు అనేది దాని సారం. డబ్బు వెనక్కి వచ్చేసింది కాబట్టి అందలేదు అని కంపెనీ వాళ్ళు దాన్నే చూపిస్తారు.

కానీ వాణి గారూ, మీ అన్నయ్యకి వాదించడానికి చోటు లేకపోలేదు. ఆయన గడువులోపు కట్టడానికి ప్రయత్నించారు, ఖాతాలో డబ్బుంది, కట్ అయింది కూడా. ఆగింది బ్యాంకు దగ్గరా, మధ్యలో పేమెంట్ గేట్‌వే దగ్గరా, కంపెనీ దగ్గరా అన్నదే అసలు ప్రశ్న. స్క్రీన్‌షాట్ కాదు, యూటీఆర్ నంబరుతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెప్పించండి. కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. తెలంగాణ, ఆంధ్రా రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆలస్యాన్ని మన్నించి కంటిన్యుటీ ఇచ్చిన ఫైళ్ళు నేను చూశాను, ఇవ్వనివీ చూశాను. ఎటు పోతుందో నేను చెప్పలేను.

ఈలోగా మీ అన్నయ్య పాలసీ లేకుండా ఉండకూడదు. కొత్తది తీసుకుని, పాతదాని కంటిన్యుటీ కోసం విడిగా పోట్లాడమనండి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఏజెంటు చేతికి నగదు ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. తీసుకున్న ప్రీమియాన్ని సెలవులు పోను 24 గంటల్లో కంపెనీకి జమ చెయ్యాలని అదే సెక్షన్ ఏజెంటుకి చెబుతోంది. ఆయన చెయ్యకపోతే మీ చేతిలో రసీదు కూడా ఉండదు. గ్రేస్ చివరి రోజుల్లో ఆ పని అస్సలు చెయ్యొద్దు.

బీమా_బాబాయ్ | 4 జూలై, రాత్రి 9:20

నేను నగదు ముట్టుకోను స్వామీ, లింకే పంపుతా 🙏

తెనాలి_టు_బెంగళూరు | 5 జూలై, ఉదయం 11:37

అప్‌డేట్. నిన్న రాత్రి కంపెనీ సైట్‌లోనే పాత పాలసీ నంబరు కొట్టి రెన్యూవల్ లింకు నుంచి 31,860 కట్టాను. మొదట ఒక పోలిక సైటు నుంచి కట్టబోయాను. అక్కడ పాత నంబరు అడక్కుండానే పేమెంట్ దాకా తీసుకెళ్ళింది. డల్లాస్ అక్క పోస్టు గుర్తొచ్చి ఆపేశాను.

షెడ్యూల్ వచ్చింది. కొత్త కాలం 4 జూలై 2025 నుంచి 3 జూలై 2026. మొదటి పాలసీ తేదీ 12 జూన్ 2022 అని ఇద్దరికీ ఉంది. బోనస్ మాత్రం సున్నా చూపిస్తోంది. మెయిల్ పెట్టాను.

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 5 జూలై, మధ్యాహ్నం 12:10

శభాష్. బోనస్ వచ్చేదాకా వదలొద్దు. కొత్త కార్డు మీద ఆటో డెబిట్ మళ్ళీ పెట్టుకో. బీమా ప్రీమియంకి లక్ష దాకా ఓటీపీ లేకుండా పోతుంది, కానీ 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి. వచ్చే ఏడాది ఆ మెసేజ్ రాలేదంటే డెబిట్ కూడా జరగదని అర్థం. కంపెనీ రికార్డులో నాన్నగారి మెయిల్ తీసేసి నీది పెట్టించు.

తెనాలి_టు_బెంగళూరు | 29 జూలై, రాత్రి 10:20

పాత డెస్క్ గారూ, మళ్ళీ వచ్చాను. బోనస్ సరిచేశారు. కానీ నాన్న కాలు మళ్ళీ ముదిరి జూలై 24న చేర్చాల్సి వచ్చింది. ఒక వేలు తీసేశారు. పాలసీ ఇప్పుడు యాక్టివ్, షుగరు వెయిటింగ్ అయిపోయింది. అయినా క్యాష్‌లెస్ ఆపేశారు. "ఈ జబ్బు మొదట ఎప్పుడు మొదలైంది, జూన్ డిశ్చార్జి సమ్మరీ పంపండి" అంటున్నారు. కవర్ లేని రోజుల్లో వచ్చిన జబ్బు అని తోసేస్తారా?

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 30 జూలై, ఉదయం 6:40

ముందు నాన్నగారు ఎలా ఉన్నారు?

వాళ్ళ ఆలోచన నాకర్థమైంది. పాలసీల్లో ఒకే జబ్బు అనే నిర్వచనం ఉంటుంది. చివరిసారి ఆసుపత్రిలో చూపించుకున్న 45 రోజుల్లోపు తిరగబెడితే అది కొత్త జబ్బు కాదు, పాతదే కొనసాగుతున్నట్టు. జూన్ 30న డిశ్చార్జి, జూలై 24న మళ్ళీ చేరిక. మధ్యలో డ్రెస్సింగులకి వెళ్ళినవి లెక్కలోకి తీసుకోకపోయినా 24 రోజులే. కాబట్టి జూన్‌లో కవర్ లేనప్పుడు మొదలైన జబ్బే ఇది అంటారు.

నా అభిప్రాయం వేరు. క్లాజు గ్రేస్ రోజుల్లో కవరేజీ ఉండదు అంటుంది, అంతే. ఆ రోజుల్లో కనిపించిన జబ్బుకి ఎప్పటికీ ఇవ్వం అనలేదు. పైగా ఈ పుండుకి మూలం షుగరు, దాని వెయిటింగ్ తీరింది, దాని కంటిన్యుటీ మీరే షెడ్యూల్లో ఒప్పుకున్నారు అని రాయండి. మీ పాలసీ పుస్తకంలో విరామంలో వచ్చిన జబ్బుల గురించి విడిగా ఏదైనా మినహాయింపు ఉందేమో మాత్రం ముందు చదవండి. పాత రకం పాలసీల్లో అలాంటి వాక్యం ఉండేది. అది ఉంటే మీ వాదన బలహీనపడుతుంది.

సమ్మరీ దాచొద్దు, పంపండి.

కూకట్‌పల్లి_కాపురం | 30 జూలై, ఉదయం 9:05

నాన్నగారు త్వరగా కోలుకోవాలి తమ్ముడూ.

స్విఫ్ట్_సీను | 8 అక్టోబర్, సాయంత్రం 6:48

పాత టాపిక్ లేపుతున్నాను, సారీ. ఈ చర్చ చదివాక కూడా ఓ పని చేశా. నా హెల్త్ పాలసీ సెప్టెంబర్ 8న అయిపోయింది. 22 నుంచి వ్యక్తిగత పాలసీలకి జీఎస్టీ తీసేస్తున్నారని తెలిసి ఆగాను. 23న కట్టాను, జీఎస్టీ లేకుండానే బిల్లు వచ్చింది. మూడు వేల చిల్లర మిగిలింది. పాత తేదీ, బోనస్ అన్నీ ఉన్నాయి 😎

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 8 అక్టోబర్, రాత్రి 8:30

తెలిసి చేశావు కాబట్టి ఏమీ అనను. ఆ పద్నాలుగు రోజులూ బైకు నడిపావా?

స్విఫ్ట్_సీను | 8 అక్టోబర్, రాత్రి 8:41

రోజూ నడిపా సార్. పద్నాలుగు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపా.

తెనాలి_టు_బెంగళూరు | 31 అక్టోబర్, మధ్యాహ్నం 12:25

అమ్మకి నిన్న కుడి కన్ను చేశారు. క్యాష్‌లెస్ రెండు గంటల్లో వచ్చింది. పరిమితి పోను ఆరు వేలు చేతి నుంచి కట్టాం. ఎడమ కన్ను వచ్చే నెల.

నాన్న జూలై క్లెయిమ్ తిరగ్గొట్టారు. మీరు చెప్పిన మినహాయింపు వాక్యం కోసం పుస్తకమంతా వెతికాను, మా పాలసీలో లేదు. అదే రాసి గ్రీవెన్స్‌కి పంపితే, "ఒకే జబ్బు" అని రెండు లైన్ల జవాబు ఇచ్చారు. సోమవారం అంబుడ్స్‌మన్‌కి పంపుతున్నాను. జూన్, జూలై సమ్మరీలు, షెడ్యూలు, మెయిళ్ళు అన్నీ పెట్టాను. ఇంకేమైనా జత చెయ్యాలా సార్?

పాత_క్లెయిమ్స్_డెస్క్ | 31 అక్టోబర్, మధ్యాహ్నం 1:50

2022 ప్రపోజల్ ఫారం కాపీ పెట్టు. షుగరు మొదటి రోజే చెప్పామని అందులోనే ఉంది.